ఒక సీసా, మూడు చిల్లులు, మూడు జవాబులు: తొట్టి గోడ నుంచి వచ్చే నీటి ధార ఎంత దూరం పడుతుంది?

ఒక ఉన్నత పాఠశాల సైన్స్ ఉపాధ్యాయుడు మూడు రికార్డు పుస్తకాలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలు మూడు జట్లుగా ఒకే ప్రయోగం చేశారు. రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసాకు కాల్చిన మేకుతో మూడు ఎత్తుల్లో చిల్లులు పొడిచి, నీళ్లు నింపి, బల్ల మీద పెట్టి, ఏ ధార ఎంత దూరంలో పడుతుందో చూడాలి. లోతు పెరిగేకొద్దీ పీడనం పెరుగుతుంది కాబట్టి అన్నిటికంటే కింది ధార అన్నిటికంటే దూరం పోతుందని ముందే చెప్పి చేయించారు. ఒక జట్టు మధ్య ధార మొదట, పై ధార తర్వాత, కింది ధార ఆఖరున అని రాసింది. రెండో జట్టు మధ్య ధారను మొదటే ఉంచి, కింది ధారను రెండో స్థానంలోకి తెచ్చింది. మూడో జట్టు మాత్రం పుస్తకంలో ఉన్నట్టే కింది ధారకు మొదటి స్థానం ఇచ్చింది.

ఉపాధ్యాయుడికి మూడో జట్టు మీద నమ్మకం, మొదటి రెండింటి మీద అనుమానం. మొదటి జట్టులో ఒక పిల్లవాడు ‘పరిశీలన’ కింద ‘మధ్య చిల్లు దగ్గర పీడనం ఎక్కువ’ అని రాశాడు. ఆయన దాన్ని ఎర్ర సిరాతో కొట్టేశారు. కొట్టేశాక ఆయనకే మనసొప్పలేదు. పిల్లవాడు చూసిందే రాశాడు కదా, మరి తప్పు ఎక్కడుంది అని అడగడానికి వచ్చారు. చిల్లులు సరిగా పడలేదేమో అన్నది ఆయన ఊహ.

సీసా కూడా తెచ్చారు కనుక ముందు దాన్నే కొలిచాం. నీళ్లు నింపిన గుర్తు బల్ల నుంచి 24 సెం.మీ. ఎత్తులో ఉంది. చిల్లులు బల్ల నుంచి 18, 12, 4 సెం.మీ. ఎత్తుల్లో, ఒకదాని కింద ఒకటి కాకుండా కొంచెం ఏటవాలుగా ఉన్నాయి. అది మంచిదే అయింది. నిట్టనిలువుగా ఒకే వరుసలో ఉంటే పై ధార వంగి కిందికి దిగేటప్పుడు మధ్య ధారను ఢీకొని రెండూ చెదిరిపోతాయి. చిల్లులు ఒక్కోటి సుమారు 4 మి.మీ. వెడల్పు. అంచులు కరిగి కాస్త ఉబ్బినా మూడూ ఒకే తీరులో ఉన్నాయి.

ఇక లెక్క. నీటి మట్టం నుంచి h లోతులో ఉన్న చిల్లు నుంచి నీరు బయటికి వచ్చే వేగం v = √(2gh). ఆ ఎత్తు నుంచి ఊరికే జారవిడిచిన రాయి h దూరం పడేసరికి ఎంత వేగం అందుకుంటుందో సరిగ్గా అంతే. గెలీలియో బాటలో నడిచిన టోరిచెల్లి 1644లో ప్రచురించిన గ్రంథంలో దీన్ని చెప్పాడు. ఈ సూత్రంలో చిల్లు ఎంత పెద్దదన్నది లేదు, సీసా ఎంత వెడల్పన్నదీ లేదు. లోతు ఒక్కటే ఉంది. కాబట్టి మన సీసాలో 6, 12, 20 సెం.మీ. లోతుల దగ్గర వేగాలు సుమారు సెకనుకు 1.08, 1.53, 1.98 మీటర్లు. కింది ధారదే ఎక్కువ వేగం. ఇంతవరకు పాఠం సరైనదే.

కానీ పిల్లలు చూసింది వేగాన్ని కాదు, దూరాన్ని. దూరానికి వేగంతో పాటు గాలిలో గడిపే సమయం కూడా కావాలి. చిల్లు నుంచి బల్ల వరకు y ఎత్తు ఉంటే, నీరు కింద పడటానికి పట్టే సమయం √(2y/g). రెండూ గుణిస్తే g ఎగిరిపోయి R = 2√(hy) మిగులుతుంది. అంటే చిల్లుకు పైన ఉన్న నీటి ఎత్తు, చిల్లుకు కింద ఉన్న ఖాళీ ఎత్తు, ఈ రెంటి లబ్ధమే దూరాన్ని తేలుస్తుంది. కింది చిల్లుకు పైన 20 ఉన్నా కింద 4 సెం.మీ. మాత్రమే ఉంది. నీరు ఎంత వేగంగా దూకినా, దూరం పోవడానికి దానికి సమయం లేదు. లెక్క వేస్తే పై ధార 20.8, మధ్య ధార 24, కింది ధార 17.9 సెం.మీ. దగ్గర పడాలి. మొదటి జట్టు రాసిన వరుస ఇదే.

మరి మిగతా రెండు జట్లు? అక్కడే నాకు ఈ కేసు మీద ఆసక్తి పెరిగింది. ఉపాధ్యాయుడిని ఒక మాట అడిగాను: “నీళ్లు పోస్తూ మట్టం తగ్గకుండా చూశారా, లేక ఒకసారి నింపి వదిలేశారా?” ఒకసారి నింపి, చిల్లులకు అంటించిన టేపు లాగేశారట. అంటే చిల్లులు తెరిచిన క్షణం నుంచి మట్టం దిగిపోతూనే ఉంది. మూడు చిల్లుల నుంచి కలిపి సెకనుకు సుమారు 35 ఘన సెం.మీ. నీరు పోతుంది. ఆ సీసా అడ్డుకోత వైశాల్యం దాదాపు 86 చదరపు సెం.మీ. కనుక మట్టం మొదట్లో సెకనుకు 4 మి.మీ. చొప్పున తగ్గుతుంది.

మట్టం బల్ల నుంచి H ఎత్తులో ఉన్నప్పుడు, y ఎత్తులో ఉన్న చిల్లుకు లబ్ధం y(H−y). రెండు చిల్లులకు ఈ లబ్ధం ఎప్పుడు సమానమవుతుందో చూస్తే చక్కని ఫలితం వస్తుంది: మట్టం ఎత్తు ఆ రెండు చిల్లుల ఎత్తుల మొత్తానికి సమానమైనప్పుడు రెండు ధారలూ ఒకే దూరంలో పడతాయి. పై చిల్లు 18, కింది చిల్లు 4, మొత్తం 22. మట్టం 24 నుంచి 22కు దిగగానే కింది ధార పై ధారను అందుకుంటుంది. దానికి అయిదారు సెకన్లు చాలు. ఆ తర్వాత కింది ధార రెండో స్థానంలో ఉంటుంది. మధ్య చిల్లు 12, కింది చిల్లు 4, మొత్తం 16. మట్టం 16కు వచ్చేసరికి కింది ధార మధ్య ధారతో సమానమవుతుంది, ఇంకా దిగితే దాన్ని మించిపోతుంది. మట్టం 18కి దిగినప్పుడే పై చిల్లు ఆగిపోయింది కనుక అప్పటికి మిగిలినవి రెండు ధారలే.

దీన్ని కాగితం మీద వదిలేయకుండా సీసాను మళ్లీ నింపి, గోడకు కాగితపు స్కేలు అంటించి, ఫోనులో వీడియో తీశాం. 22 గుర్తు దగ్గర పై, కింది ధారలు పక్కపక్కనే పడ్డాయి. 16 గుర్తు దగ్గర మధ్య, కింది ధారలు కలిశాయి. చిల్లుల అంచుల వల్ల వేగం కొంత తగ్గినా ఈ కలిసే చోట్లు మారవు, ఎందుకంటే ఆ తగ్గుదల మూడు ధారలకూ ఒకే పాళ్లలో ఉంటే రెండు వైపులా కొట్టివేయబడుతుంది. మూడు జట్లూ ఒకే ప్రయోగాన్ని మూడు వేర్వేరు క్షణాల్లో చూశాయి. టేపు లాగిన వెంటనే స్కేలు పెట్టినవాళ్లు మొదటి జవాబు రాశారు. కాస్త ఆగి కొలిచినవాళ్లు రెండోది రాశారు. నెమ్మదిగా కొలతలు తీసుకున్న మూడో జట్టుకు సగం ఖాళీ అయిన సీసా దొరికింది. పుస్తకంతో కలిసినందుకు దానికి పూర్తి మార్కులు పడ్డాయి!

పుస్తకాల్లో బొమ్మ సంగతి కూడా తేల్చాలి. నేల మీదే నిలబెట్టిన తొట్టికి మూడు చిల్లులు, కింది ధార అన్నిటికంటే దూరంగా నేలను తాకుతున్నట్టు గీసే బొమ్మ చాలా చోట్ల కనిపిస్తుంది. అలా గీస్తే అది తప్పు. అదే తొట్టిని తగినంత ఎత్తు మీద పెట్టి గీస్తే ఒప్పు. మన సీసానే 75 సెం.మీ. ఎత్తు బల్ల అంచున పెట్టి, ధారలను నేల మీద పడనిస్తే, నీటి మట్టం నేల నుంచి 99 సెం.మీ. ఎత్తులో ఉంటుంది. అప్పుడు దూరాలు వరుసగా 47, 65, 79 సెం.మీ. దాకా వస్తాయి. కింది ధారే ముందుంటుంది. నియమం ఇది: మట్టం నుంచి నీరు పడే చోటు వరకు ఉన్న మొత్తం ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉన్న చిల్లు నుంచి ధార అత్యధిక దూరం పోతుంది. సీసాను నీటి లోతు కంటే ఎక్కువ ఎత్తులో పెడితే ఆ సగం గుర్తు సీసా అడుగుకంటే కిందికి జారిపోతుంది. అప్పుడు చిల్లు ఎంత కిందికి ఉంటే అంత దూరం. ఇంటర్మీడియట్‌లో, ఎంట్రన్స్ పరీక్షల్లో అడిగే ‘H ఎత్తు తొట్టిలో గరిష్ఠ వ్యాప్తి ఎక్కడ’ అన్న ప్రశ్నకు జవాబు H/2 అని బట్టీ పట్టినవాళ్లు, తొట్టి నేల మీద ఉందా లేక స్టాండు మీద ఉందా అన్నది చూడకుండానే రాసేస్తారు.

ఉపాధ్యాయుడికి తరగతిలో నమ్మకంగా చూపించడానికి మట్టం మారని తొట్టి కావాలి. అందుకని 110 మి.మీ. పీవీసీ పైపు ఒక మీటరు ముక్క తీసుకుని, అడుగున ఎండ్ క్యాప్ సొల్యూషనుతో అతికించాం. ఒక పక్క పై భాగంలో పొంగునీటి దారికి పెద్ద రంధ్రం చేసి గొట్టం తగిలించాం. కుళాయి నీరు పైనుంచి వస్తూ ఉంటే, ఎక్కువైనది ఆ గొట్టంలోంచి బకెట్‌లోకి పోతుంది. పడే నీరు లోపల సుడులు తిప్పకుండా ఒక స్పాంజి ముక్కను పైపు నోట్లో ఇరికించాం. పొంగి పోయేటప్పుడు మట్టం రంధ్రం కింది అంచుకు కాస్త పైనే నిలుస్తుంది. కనుక రంధ్రం అంచు నుంచి కొలవకూడదు. తాపీ మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శక గొట్టం ముక్కను పక్కన బిగించి అసలు మట్టం ఎక్కడుందో చూశాం. నీరు పడే పలక నుంచి అది 80 సెం.మీ. ఉండేలా పలకను సర్దాం.

చిల్లుల విషయంలో తొందర పనికిరాదు. మట్టం నుంచి 20, 40, 60 సెం.మీ. లోతుల్లో 4 మి.మీ. బిట్‌తో రంధ్రాలు చేసి, బయటివైపు పెద్ద బిట్‌తో వాలుగా చెక్కాం. నీరు లోపలి పదునైన అంచును మాత్రమే తాకి బయటపడాలి. పైపు గోడ మందమంతా రాసుకుంటూ వస్తే అది చిన్న గొట్టంలా పనిచేసి వేగాన్ని గణనీయంగా తగ్గిస్తుంది. డ్రిల్ చేసినప్పుడు లోపలివైపు ప్లాస్టిక్ పీచు లేస్తుంది. దాన్ని కర్రకు చుట్టిన సాండ్ పేపరుతో తీసేయాలి. తీయకపోతే ధార ఒక పక్కకు మెలి తిరుగుతుంది, అది కంటికే కనిపిస్తుంది. సరైన ధార చిల్లు దగ్గర గాజు కడ్డీలా నునుపుగా, చిల్లుకంటే కాస్త సన్నగా ఉంటుంది. అలా సన్నబడటం వల్ల పోయే నీటి పరిమాణం లెక్కలో సుమారు 60 శాతానికి తగ్గుతుంది గానీ వేగం రెండు మూడు శాతమే తగ్గుతుంది. బకెట్‌లో పట్టిన నీటిని బట్టి వేగం లెక్క కట్టి, టోరిచెల్లి సూత్రం తప్పని తేల్చే రిపోర్టులు రావడానికి ఈ రెంటినీ కలిపేయడమే కారణం.

చిల్లులను ఒక్కొక్కటే తెరిచి కొలిచాం. లెక్క ప్రకారం దూరాలు 69.3, 80, 69.3 సెం.మీ. కొలిస్తే 66.5, 77.5, 67 వచ్చాయి. పై చిల్లు, కింది చిల్లు ఒకే చోట నీళ్లు పోస్తున్నాయి. వేగాల్లో చాలా తేడా ఉన్నా పడే చోటు ఒక్కటే. పీడనం ఎంతో చెప్పడానికి ఈ దూరం ఎందుకు పనికిరాదో ఉపాధ్యాయుడికి ఇక్కడ పూర్తిగా తెలిసింది.

అయితే పీడనాన్ని ధారతో చూపించే మార్గమే లేదా అంటే ఉంది. ప్రతి ధారనూ తన చిల్లు నుంచి ఒకే లోతు పడ్డాక పట్టుకోవాలి. స్టాండుకు ఒక స్కేలును అడ్డంగా బిగించి, ఏ చిల్లు తెరిస్తే దానికి సరిగ్గా 15 సెం.మీ. కింద ఉండేలా జరిపాం. ఇప్పుడు మూడు ధారలకూ గాలిలో గడిపే సమయం ఒక్కటే, 0.175 సెకను. ధార స్కేలును తాకిన దూరాలు 33.5, 47.5, 58 సెం.మీ. కింది ధారే ముందుంది. మధ్య ధార వేగం కావాలంటే 0.475 మీటర్లను 0.175తో భాగిస్తే చాలు: సెకనుకు 2.71 మీటర్లు. సూత్రం చెప్పేది 2.80. నిష్పత్తి 0.97. ఇంజినీరింగ్ కాలేజీల హైడ్రాలిక్స్ ల్యాబుల్లో వేగ గుణకం కనుక్కునే పద్ధతి కూడా ఇదే, అక్కడ పరికరం ఇత్తడిది, ఇక్కడ పైపు ముక్క. పిల్లలకు ఇంకో సంగతి చూపించవచ్చు. లోతు మూడు రెట్లయినా (20 నుంచి 60) దూరం మూడు రెట్లు కాలేదు, 1.73 రెట్లే అయింది. వర్గమూలం అంటే ఏమిటో స్కేలు మీదే కనిపిస్తుంది.

ఇంత కుదిరాక ఉపాధ్యాయుడు తన బడి కోసం ఇలాంటిదే ఇంకో పైపు చేయించుకున్నారు. అందులో మధ్య ధార 77.5కు బదులు 81.5 సెం.మీ. పోతోందని ఫోను చేశారు. లెక్క ఇచ్చే గరిష్ఠం 80 అయితే దాన్ని మించి పోవడం కుదరదు. ఎక్కడో చిల్లు పైకి వాలి ఉండాలి. వంపు తిరిగిన గోడ మీద చేత్తో డ్రిల్ చేస్తే రెండు మూడు డిగ్రీలు పక్కకు పోవడం మామూలే, కంటికి తెలియదు. దాన్ని పట్టడానికి కోణమానిని అక్కర్లేదు. చిల్లుకు 10 సెం.మీ. కింద ఒకసారి, 40 సెం.మీ. కింద ఒకసారి దూరం కొలవమన్నాను. ధార నిజంగా అడ్డంగా బయటికి వస్తుంటే నాలుగు రెట్ల లోతుకు దూరం సరిగ్గా రెట్టింపు కావాలి. ఆయనకు 43, 81.5 వచ్చాయి. 43కు రెట్టింపు 86. రెట్టింపుకు చేరకపోతే ధార పైకి వాలి ఉన్నట్టు, దాటిపోతే కిందికి వాలి ఉన్నట్టు. ఆయన లెక్కల నుంచి వాలు సుమారు 3 డిగ్రీలని తేలింది. అంత చిన్న వాలు దూరానికి 4 సెం.మీ. కలిపింది. ఇది రాపిడి వల్ల పోయే దూరం కంటే ఎక్కువ. అంటే, ఈ ప్రయోగంలో పెద్ద శత్రువు నీటి జిగట కాదు, డ్రిల్ పట్టుకున్న చెయ్యి. చిల్లు పూడ్చి, పైపును చెక్క దిమ్మెల మధ్య బిగించి, స్టాండు డ్రిల్‌తో పక్కనే కొత్తది చేయించాక 77 దగ్గరికి వచ్చింది. పైపే నిటారుగా లేకపోతే కూడా ఇదే లక్షణం కనిపిస్తుంది, కానీ అప్పుడు మూడు చిల్లులూ ఒకేలా తప్పుతాయి. దారానికి బరువు కట్టి వేలాడదీస్తే తెలిసిపోతుంది.

లెక్కలు వద్దు, చూపించాలి అనేవారికి ఒక దారం చాలు. పైపు మీద నీటి మట్టం దగ్గర దారం ఒక కొస కట్టి, రెండో కొసను పలక మీద పైపు నుంచి 80 సెం.మీ. దూరంలో బిగించాం. దారం 45 డిగ్రీల వాలులో ఉంటుంది. ఏ లోతున చిల్లు పెట్టినా ధార ఆ దారాన్ని దాటదు. నష్టం లేని ధార అయితే దాన్ని ఒక్క చోట తాకి మళ్లీ లోపలికి వంగుతుంది. పై చిల్లు ధార దారాన్ని సమీపించే చోటు పైపు నుంచి 40 సెం.మీ. దూరంలో ఉంటుంది. మధ్య ధార సరిగ్గా పలక దగ్గర సమీపిస్తుంది, అందుకే దానికి గరిష్ఠ దూరం. కింది ధార దారాన్ని చేరాలంటే మట్టం నుంచి 120 సెం.మీ. కిందికి దిగాలి. అంతకు ముందే పలక అడ్డం వచ్చేసింది. పలకను తీసేసి పైపును ఎత్తు బల్ల అంచున పెడితే ఆ ధార తన దూరం తాను పోతుంది. పుస్తకంలో బొమ్మకు, సీసాలో చూసినదానికి మధ్య ఉన్న తేడా అంతా ఈ పలక ఎక్కడుందన్నదే.

హద్దులు రెండు చెప్పాలి. చిల్లుకు పైన నీరు రెండు సెంటీమీటర్లకు తగ్గాక ఈ లెక్క నడవదు. 4 మి.మీ. చిల్లు దగ్గర తలతన్యత ఒక్కటే ముప్పావు సెంటీమీటరు నీటి పీడనానికి సమానంగా ఎదురు నిలుస్తుంది. ధార తెగి, గోడను పట్టుకుని కిందికి కారుతుంది. 1 మి.మీ. సూది చిల్లయితే మూడు సెంటీమీటర్ల లోతు దగ్గరే ఆ పరిస్థితి వస్తుంది. కనుక పై చిల్లును మట్టానికి మరీ దగ్గరగా పెట్టకూడదు. రెండోది సీసా మూత. మూత బిగించి ఉంటే లోపల గాలి పలచబడి, ధార తగ్గుతూ, మధ్యమధ్య బుడగలు మింగుతూ వస్తుంది. ఆ స్థితిలో లోతును మట్టం నుంచి కొలిస్తే ఏ అంకె కూడా కుదరదు. మూత తీసి చేయాలి.

రికార్డుల్లో మార్కులు ఎలా వేయాలని ఉపాధ్యాయుడు అడిగారు. మూడు జట్లకూ పరిశీలనకు పూర్తి మార్కులు వేసి, కొలిచినప్పుడు నీటి మట్టం ఎంత ఎత్తులో ఉందన్న గడిని పట్టికలో చేర్చమన్నాను. ‘మధ్య చిల్లు దగ్గర పీడనం ఎక్కువ’ అన్న వాక్యంలో ‘పీడనం’ కొట్టేసి ‘దూరం’ అని ఆ పిల్లవాడి చేతనే రాయించారట.